‘రెండు కేజీల బిందె’ అంటే కొనేవాళ్లకు ఏం తెలుస్తుంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. బుడితి నుంచి ఇత్తడి సామాను తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. సరుకిచ్చే పెద్దాయన నాకు వరసకు మావయ్య. కొలతలు అడిగితే “రెండు కేజీల బిందె అమ్మా, మంచి ఇత్తడి” అంటారు. ఆయన మనవడు వాట్సాప్‌లో పంపే ఫొటోలు మసకగా ఉంటున్నాయి. పోయిన నెల మూడు బిందెలు వెనక్కి వచ్చాయి, ముగ్గురూ “ఫొటోలో పెద్దదిగా కనిపించింది” అనే రాశారు. కొలతలు, లోహం వివరాలు, ఫొటోలు సరిగ్గా పంపమని ఆయన నొచ్చుకోకుండా ఉత్తరం రాయాలి. ఏమేం అడగాలి, ఎలా రాయాలి?

జవాబు:

చెల్లెమ్మా, మీ మావయ్య గారు వివరాలు దాచడం లేదు. ఇత్తడి సామాను బేరమంతా తూకం మీదే నడుస్తుంది కాబట్టి ఆయన దృష్టిలో ‘రెండు కేజీలది’ అన్నదే ఆ బిందె పేరు. ఎదురుగా నిలబడి కొనేవాళ్లు దాన్ని చేత్తో ఎత్తి చూస్తారు, వేలితో కొట్టి మోత వింటారు, లోపలికి తొంగి చూస్తారు. ఇక చెప్పడానికేమీ మిగలదు. మీ దగ్గర కొనే మనిషి ఎక్కడో బెంగళూరులో ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. ఆ ఎత్తడం, తొంగి చూడడం అతని తరఫున మీ మావయ్య గారి చేత చేయించి రాయించుకోవాలి. మీ ఉత్తరం పని అదే.

అందుకని “పూర్తి వివరాలు పంపగలరు” అని మాత్రం రాయకండి. దానికి మళ్లీ ‘రెండు కేజీలు’ అనే జవాబే వస్తుంది. ప్రతి కొలతకూ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలవాలో, దేనితో కొలవాలో మీరే చెప్పాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. విజయనగరంలో దీపపు కుందులు అమ్మే రోజుల్లో ఒకాయన నాకు ‘ఎత్తు 11 అంగుళాలు’ అని రాసి పంపారు. 28 సెంటీమీటర్లని లిస్టింగ్‌లో పెట్టేశాను. హైదరాబాద్‌లో ఒకావిడ తన పూజ అరలో 30 సెంటీమీటర్ల జాగా ఉందని చూసుకుని మరీ కొన్నారు. తీరా చూస్తే కుంది ఎత్తు 33 సెంటీమీటర్లు. సరుకిచ్చినాయన పైన మర బిగించే హంసను తీసి కొలిచారు. ఆయన లెక్కలో కుంది వేరు, హంస వేరు. ఆవిడకు రెండూ కలిపే కుంది. వెనక్కి వచ్చేటప్పుడు హంస మెడ వంగిపోయింది కూడా. ‘హంసతో కలిపి, నేల నుంచి కొస దాకా’ అని ఆ రోజు నేనొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

మీ బిందె సంగతికి వద్దాం. దీనికి కావాల్సిన కొలతలు ఐదు: ఎత్తు, మూతి, కడుపు, బరువు, పట్టే నీళ్లు. ఎత్తు, బరువు సులువే. బిందెను చదునైన బల్ల మీద పెట్టి, మూతి మీద ఒక చెక్కను అడ్డంగా ఆనించి, బల్ల నుంచి చెక్క కింది అంచు దాకా కొలిస్తే ఎత్తు వస్తుంది. మూతి దగ్గర తికమక ఉంది. అంచు బయటికి మడిచి ఉంటుంది కాబట్టి బయటి కొలతకూ లోపలి కొలతకూ రెండేసి సెంటీమీటర్లు తేడా రావచ్చు. కొనేవాళ్లు చూసుకునేది చెయ్యి లోపలికి పోతుందా, తోముకోగలమా అని. కాబట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు అని స్పష్టంగా రాయండి. మూతబెట్టే గిన్నెలకు మాత్రం బయటి కొలత కూడా కావాలి.

కడుపు వెడల్పు స్కేలుతో రాదు. పని చేసేవాళ్ల దగ్గర వెడల్పు కొలిచే కాలిపర్ ఉండొచ్చు, లేకపోయినా ఇబ్బంది లేదు. బాగా ఉబ్బిన చోట పురికొస ఒక చుట్టు చుట్టి, ఆ పురికొసను స్కేలు మీద పరిచి, వచ్చినదాన్ని 3.14తో భాగిస్తే వెడల్పు వస్తుంది. భాగించే పని ఆయనకు పెట్టకండి. ‘చుట్టుకొలత రాయండి చాలు’ అనండి, లెక్క మీరు చూసుకోండి. 62.8 సెంటీమీటర్లు వస్తే వెడల్పు 20 అన్నమాట.

ఎంత పడుతుందన్నది మన ఊళ్లలో మరీ చిక్కు. పెద్దవాళ్లు అడ్డెడు, కుంచెడు అంటారు. ఆ లెక్క వాళ్లకు చక్కగా తెలుసు గానీ కొనే మనిషికి లీటర్లలో చెప్పాలి. ఖాళీ బిందెను తూచమనండి. తర్వాత మెడ మొదలయ్యే చోటు దాకా నీళ్లు పోసి మళ్లీ తూచమనండి. కిలో నీళ్లంటే లీటరే. ఖాళీది 1.850 కిలోలు, నీళ్లతో 5.050 కిలోలు వస్తే 3.2 లీటర్లు. ‘మెడ దాకా’ అన్న మాట వదలొద్దు. అంచు దాకా నింపి కొలిస్తే కాగితం మీద అంకె పెరుగుతుంది, కొన్నవాళ్లు అన్ని నీళ్లు పోసి మోయలేరు.

ఇదంతా ఒక్క బిందెకు చేస్తే చాలదు. చేత్తో చేసిన సామాను ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకే రకం బిందెలు మూడింటిని కొలవమనండి. ఎత్తు 18.7, 19.0, 19.4 అని వచ్చాయనుకోండి. అప్పుడు లిస్టింగ్‌లో ‘ఎత్తు 19 సెం.మీ., చేతి పని కాబట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది’ అని ధైర్యంగా రాయొచ్చు. బరువు దగ్గర మాత్రం సగటు రాయకండి. 1.790, 1.850, 1.930 వస్తే ‘1.750 కిలోలకు తగ్గదు’ అని రాయండి. తూకం తగ్గిందంటే ఎవరూ ఊరుకోరు, పెరిగిందని ఎవరూ వెనక్కి పంపరు.

లోహం గురించి అడిగేటప్పుడు జాగ్రత్త. బుడితి పనికి కంచు, ఇత్తడి రెండింటి పేరు మీదా కలిపి భౌగోళిక గుర్తింపు ఉంది. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. మాటల్లో రెండూ కలిసిపోతుంటాయి, లిస్టింగ్‌లో కలిస్తే తప్పు. కంచు ఖణేల్‌మని చాలాసేపు మోగుతుంది, కింద పడితే పగలొచ్చు. ఇత్తడికి సొట్ట పడుతుంది. ఈ సంగతులు ఆయనకు మీకన్నా నాకన్నా బాగా తెలుసు కాబట్టి, ఒక్కో వస్తువుకూ ఇది ఇత్తడా, కంచా అని సూటిగా అడగండి. రాగి ఎంత శాతం, జింకు ఎంత శాతం అని మాత్రం అడగొద్దు. పాత సామాను కరిగించి పోసినప్పుడు ఆ శాతాలు ఆయనకూ తెలియవు. మీరు ఒత్తిడి పెడితే నోటికొచ్చిన అంకె ఒకటి రాస్తారు, రేపు అది మీ మెడకు చుట్టుకుంటుంది. శాతాలు రాయాలనుకుంటే ల్యాబ్ రిపోర్టు చేతిలో ఉన్నప్పుడే రాయండి. కొత్త రేకు కొని చేసిన వస్తువైతే ఆ రేకు బిల్లు ఫొటో అడగండి, అది చాలు.

వంటకు వాడే గిన్నెలైతే కళాయి సంగతి తప్పకుండా అడగాలి. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే పులుపుకు చిలుము పుడుతుంది, అది ఒంటికి మంచిది కాదు. లోపల కళాయి వేశారా, వేస్తే ఉత్త తగరమేనా, సీసం కలిసిందా అని అడగండి. ఆయన ‘తెలీదు’ అంటే ఆ గిన్నెను వంట సామాను కింద పెట్టకండి, అలంకరణ కిందే అమ్ముకోండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

ఎక్కడ తయారైందన్నది కూడా అడగాల్సిందే. అడగడానికి మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. ఒక్కోసారి ఆర్డరు ఎక్కువైతే బయటి నుంచి తెచ్చిన సరుకు కూడా కలుస్తుంది. అందులో తప్పేం లేదు, కానీ దాన్ని బుడితి పేరు మీద అమ్మకూడదు. ‘మీ దగ్గర పోత పోసిందా, రేకు సాగగొట్టిందా, బయటి నుంచి వచ్చిందా’ అని మూడు మాటలిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమంటే, అనుమానించినట్టు ఉండదు.

ఇక ఫొటోలు. ఇత్తడి అద్దం లాంటిది. మనవడు ఎర్ర చొక్కా వేసుకుని దగ్గరికి వచ్చి తీస్తే బిందె కడుపు మీద ఎర్ర మచ్చ పడుతుంది. కొన్నవాళ్లు దాన్ని మరక అనుకుంటారు. ఫ్లాష్ వేస్తే తెల్లటి గుండ్రం ఒకటి మెరుస్తుంది, దాని చుట్టూ అంతా నల్లబడుతుంది. పొద్దున్నే నేరుగా ఎండ పడని వసారాలో తీయడమే దీనికి మందు. బిందె కింద, వెనక ఒకే తెల్ల పంచె పరచాలి, రెండు పక్కలా ఇంకో రెండు పంచెలు తెరల్లా కట్టాలి. అప్పుడు బిందెలో తెలుపే కనిపిస్తుంది, ఒంపులు నెమ్మదిగా తేలతాయి. తీసే మనిషి లేత రంగు చొక్కా వేసుకుని ఐదారు అడుగుల దూరంలో నిలబడి, ఫోన్‌లో 2x పెట్టి తీయాలి. మీ మూడు రిటర్నులకూ కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. అడుగు దూరంలో నిలబడి బిందె మీదికి వంగి తీస్తే మూతి పెద్దదిగా, అడుగు చిన్నదిగా వచ్చి బిందె మొత్తం భారీగా కనిపిస్తుంది. ఫోన్ బిందె కడుపుకు సమానమైన ఎత్తులో ఉండాలి. ఒక స్టూలు మీద బిందె పెట్టి, తీసే కుర్రాడు కూర్చుంటే సరిపోతుంది.

ఒక ఫొటోలో స్టీలు స్కేలు తప్పకుండా ఉండాలి. అది బిందె వెనక గోడకు ఆనించి ఉండకూడదు, కడుపు పక్కనే నిలువుగా ఉండాలి. వెనక ఉన్న స్కేలు చిన్నదిగా పడుతుంది, దాంతో బిందె పెద్దదిగా కనిపిస్తుంది.

వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే యాప్ దాన్ని కుదించేస్తుంది. అటాచ్ గుర్తు నొక్కి `Document` ఎంచుకుని పంపమనండి. వచ్చాక ఫైల్ సైజు చూడండి. ఫోన్‌లో తీసిన అసలు ఫొటో సాధారణంగా రెండు మూడు ఎంబీలు ఉంటుంది. రెండు మూడు వందల కేబీ ఉంటే మళ్లీ మామూలు దారిలోనే పంపినట్టు. అమెజాన్‌లో జూమ్ పనిచేయాలంటే ఫొటో పొడుగు వైపు కనీసం 1000 పిక్సెళ్లు ఉండాలి. మొదటి ఫొటో వెనక పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. ఈ తెలుపు చేయడం, కత్తిరించడం మీ పని. అది ఆయన మీద వేయకండి. ఫిల్టర్లు వేయకుండా అసలు ఫొటో పంపడం ఒక్కటే ఆయన పని.

ఉత్తరం ఇలా రాయొచ్చు. మీ మాటల్లోకి మార్చుకోండి.

“మావయ్య గారికి నమస్కారాలు. మీరు పంపిన బిందెలు చూసినవాళ్లందరికీ నచ్చుతున్నాయి. కానీ పోయిన నెల మూడు వెనక్కి వచ్చాయి. వస్తువులో లోపం లేదు. ఫొటో చూసి ఇంకా పెద్దదనుకున్నామని రాశారు. రానూపోనూ కొరియర్ ఖర్చు నాకు పడింది, బిందెలకు సొట్టలు పడ్డాయి. నేను కొలతలు సరిగ్గా రాయకపోవడమే కారణం. అవి మీ దగ్గరే దొరుకుతాయి కాబట్టి మీ సాయం అడుగుతున్నాను.

ముందు ఒక్క రకానికే చేద్దాం. రెండు కేజీల బిందెలు మూడు తీసి పక్కన పెట్టించండి. ఈ ఉత్తరంతో ఒక స్టీలు స్కేలు, పురికొస ఉండ, మూడు కాగితాలు పంపుతున్నాను. ఒక్కో బిందెకు ఒక్కో కాగితం. నా దగ్గరున్న బిందెకు నేను నింపిన కాగితం కూడా జత చేశాను, అలాగే నింపితే చాలు.

ఎత్తు: బల్ల నుంచి మూతి మీద పెట్టిన చెక్క కింది అంచు దాకా, సెంటీమీటర్లలో. మూతి: లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. కడుపు: ఎక్కువ ఉబ్బిన చోట పురికొస చుట్టుకొలత. బరువు: ఖాళీగా ఎంత, మెడ దాకా నీళ్లు పోస్తే ఎంత.

ఇత్తడా, కంచా? లోపల కళాయి ఉందా, లేదా? కళాయి ఉంటే ఉత్త తగరమా, సీసం కలిసిందా? మీ దగ్గర పోత పోసిందా, రేకు సాగగొట్టిందా, బయటి నుంచి వచ్చిందా? సరైన దానికి టిక్కు పెట్టండి. తెలియనిది ఉంటే ‘తెలీదు’ అని రాయండి, నేనేమీ అనుకోను.

ఫొటోలు ఒక్క బిందెకు చాలు. ఎదురుగా, పక్క నుంచి, పై నుంచి మూతి, లోపలి అడుగు, బోర్లించి కింది అడుగు, స్కేలు పక్కన నిలబెట్టి ఒకటి. ఎక్కడైనా అతుకు, గీత ఉంటే అది కూడా దగ్గరగా ఒకటి తీయమనండి. దాన్ని ముందే చూపిస్తే కొన్నవాళ్లు గొడవ పడరు. ఎలా తీయాలో అబ్బాయికి ఫోన్‌లో చెబుతాను.

వచ్చే ఆదివారంలోగా పంపగలరా? అబ్బాయి సమయానికి ఒక్కో రకానికి ఇంత అని ఈ నెల లెక్కలో కలిపి ఇస్తాను. ఇకమీదట అచ్చు మార్చినా, రేకు మందం మార్చినా సరుకు పంపే ముందే ఒక మాట చెప్పండి. పాత కొలతలతో కొత్త సరుకు వెళితే మళ్లీ వెనక్కి వస్తుంది.”

‘ఇంత’ అన్న చోట అంకె వేయండి. ఊరికే చేయమంటే మొదటి రకానికి చేస్తారు, రెండోదానికి మానేస్తారు. మూడు బిందెలు కొలిచి ఆరేడు ఫొటోలు తీయడం అంటే పని ఆపి ఓ పూట పోగొట్టుకోవడమే. ఒక రిటర్ను కొరియర్ ఖర్చులో సగం ఇచ్చినా మీకు లాభమే.

పెట్టె కొలతలు ఉత్తరంలో అడగలేదు, గమనించారా? అవి మీ దగ్గర ప్యాకింగ్ అయ్యాక మీరే కొలుచుకోవాలి. కానీ లిస్టింగ్‌లో వస్తువు కొలతల గడి వేరు, పెట్టె కొలతల గడి వేరు. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే దెబ్బ తగులుతుంది. చాలా కొరియర్లు పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. మీ బిందె చుట్టూ బబుల్ షీట్ చుట్టి 28 సెంటీమీటర్ల చదరపు పెట్టెలో పెట్టారనుకోండి. 28×28×28ని 5000తో భాగిస్తే 4.39 వస్తుంది. ప్యాకింగ్‌తో కలిపి 2.4 కిలోలు తూగే బిందెకు దాదాపు నాలుగున్నర కిలోల ఛార్జీ పడుతుందన్నమాట. ధర వేసేటప్పుడు ఈ లెక్క ముందే చూసుకోండి.

చట్టం గురించి కూడా ఒక మాట. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, లిస్టింగ్‌లో చెప్పినట్టు వస్తువు లేకపోతే అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోనని అనకూడదు. కొన్నవాళ్ల ముందు అమ్మింది మీరే, మావయ్య గారు కాదు. ఆయన రాసి పంపిన కాగితాలు దాచుకోండి, కానీ రిటర్న్ వచ్చినప్పుడు వాటిని ఆయన ముందు పెట్టి నిలదీయడానికి మాత్రం కాదు. ఏ కొలత దగ్గర తేడా వచ్చిందో ఇద్దరూ కలిసి చూసుకోవడానికి.

కాగితాలు రాగానే నమ్మి లిస్టింగ్ పెట్టేయకండి. మీ దగ్గరున్న బిందెల్లో ఒకటి తీసి ఆ ఐదు కొలతలూ మీరూ చూడండి. మూతి దగ్గర తేడా వస్తే ఆయన బయటి అంచు కొలిచారని అర్థం. నీళ్ల దగ్గర పావు లీటరు ఎక్కువ వస్తే అంచు దాకా నింపి ఉంటారు. ఒక చిన్న అయస్కాంతం కూడా ఆనించి చూడండి. అది అతుక్కుంటే లోపల ఇనుము ఉంది, పైన ఇత్తడి పూత మాత్రమే. అలాంటిది కనిపిస్తే ఉత్తరం రాయకండి, బస్సెక్కి బుడితి ఉన్న సరవకోట వైపు ఒకసారి వెళ్లి, ఆ వస్తువు చేత్తో పట్టుకుని ఆయన్నే అడగండి.